టోటల్ స్టేషన్‌తో బిల్డింగ్ మూలల మార్కింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోణం, దూరం రెండూ కొలిచే టోటల్ స్టేషన్ మిషన్‌తో పునాది మార్కింగ్‌కి మొదటిసారి వెళ్లే సైట్ ఇంజినీర్లు, సర్వే హెల్పర్లు అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ ఇవే వస్తుంటాయి. అందుకే ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలన్నిటికీ ఒకే బిల్డింగు తీసుకున్నాను: 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఉత్తరానికి సమాంతరంగా కాకుండా కాస్త తిరిగి కూర్చున్నది. CP1, CP2, CP3 కంట్రోల్ పాయింట్లు, అంటే కోఆర్డినేట్లు ముందే తెలిసిన గుర్తులు. A, B, C, D నాలుగు మూలలు. లెక్క సులువుగా తేలాలని గుండ్రటి అంకెలు వేశాను. E అంటే తూర్పు, N అంటే ఉత్తరం. పేరు, E, N వరసలో మీటర్లలో ఇవిగో:

```
CP1,1000.000,5000.000
CP2,1060.000,5080.000
CP3,1060.000,5011.000
A,1024.000,5010.000
B,1040.000,5022.000
C,1031.000,5034.000
D,1015.000,5022.000
```

## ఆఫీసులో, డ్రాయింగ్ దగ్గర

డ్రాయింగ్‌లో మూలకి కోఆర్డినేట్ ఇచ్చారు. అది గోడ బయటి అంచుదా, సెంటర్ లైన్‌దా?

ఇది తేల్చుకోకుండా సైటుకి వెళ్లకండి. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో మూల అంటే చాలాసార్లు గోడ బయటి అంచు. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో మూల అంటే గ్రిడ్ లైన్లు కలిసే చోటు. తొమ్మిదంగుళాల గోడ 230 మిల్లీమీటర్లు కాబట్టి ఈ రెండింటికీ మధ్య ఒక్కో వైపు 115 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. గ్రిడ్ మూలని గోడ అంచు అనుకుని పెగ్గు కొట్టి, దాన్నుంచి మేస్త్రీ 115 లోపలికి జరిగి కాలమ్ సెంటర్ పెట్టాడంటే, 20 మీటర్ల గ్రిడ్ కాస్తా 19.770 అవుతుంది. నాలుగు మూలలూ చక్కగా లంబంగానే ఉంటాయి గనక అప్పటికప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో మెలిక ఉంది. హద్దు పక్కన వచ్చే కాలమ్స్ చాలాసార్లు గ్రిడ్ మీద మధ్యకి కాకుండా ఒక పక్కకి జరిగి ఉంటాయి. అందుకే పెగ్గులన్నీ గ్రిడ్ లైన్ల మీదే కొట్టండి. కాలమ్ ఎటు ఎంత జరగాలో స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూసి మేస్త్రీ తీసుకుంటాడు. ఏ పెగ్గు దేనిదో దాని పక్కనే రాసి పెట్టండి.

క్యాడ్‌లో X, Y ఉన్నాయి. మిషన్ N, E అడుగుతోంది. ఏది ఎక్కడ వేయాలి?

X అంటే E, Y అంటే N. చిక్కంతా వరసలో ఉంది. క్యాడ్ నుంచి తీసిన లిస్టులో X ముందు వస్తుంది. చాలా మిషన్లు, సాఫ్ట్‌వేర్లు N ముందు ఉండే ఫైల్ కూడా తీసుకుంటాయి. ఎక్కించేటప్పుడు ఫార్మాట్ తప్పు ఎంచుకుంటే రెండూ తారుమారవుతాయి, మిషన్ ఒక్క మాట కూడా అనదు.

దీనికి తేలికైన జాగ్రత్త ఒకటుంది. సైటుకి లోకల్ కోఆర్డినేట్లు మీరే పెట్టుకుంటున్నట్లయితే E వెయ్యి దగ్గర, N అయిదు వేల దగ్గర మొదలయ్యేలా పెట్టండి. అప్పుడు E గడిలో 5010 కనబడగానే కన్ను పట్టేస్తుంది. రెండూ 1000, 1000 నుంచి మొదలుపెడితే తప్పు కంటికి ఆనదు.

కోఆర్డినేట్లు యూటీఎంలో ఇచ్చారు. అలాగే వేసేయొచ్చా?

వేయొచ్చు, కానీ స్కేల్ ఫ్యాక్టర్ సంగతి తేల్చుకున్నాకే. యూటీఎం అంటే భూమిని జోన్లుగా విడగొట్టి చదునుగా పరిచిన మ్యాప్ పద్ధతి, అందులోని దూరం నేల మీద టేపు దూరంతో సరిపోదు. ఎంత తేడా అన్నది ఊరిని బట్టి మారుతుంది. మన 44వ జోన్‌కి మధ్య రేఖ 81 డిగ్రీల తూర్పు. విజయవాడ దానికి దగ్గర కాబట్టి అక్కడ నేల మీద 100 మీటర్లు యూటీఎంలో సుమారు 99.96 అవుతుంది. హైదరాబాద్ ఆ రేఖకి పడమరగా దూరంగా ఉంది గనక, సముద్రమట్టం నుంచి ఎత్తు కూడా లెక్కలోకి తీసుకుంటే, అక్కడ అదే 100 మీటర్లు సుమారు 100.04 అవుతుంది. ఒకచోట తగ్గుతుంది, ఇంకోచోట పెరుగుతుంది. కాబట్టి ఒక ఊళ్లో పనికొచ్చిన సెట్టింగ్ ఇంకో ఊళ్లో అలాగే ఉంచేస్తే తేడా రెట్టింపవుతుంది.

ఆర్కిటెక్ట్ బిల్డింగుని నేల మీటర్లలోనే గీస్తాడు. ఆ 20.000 మీటర్ల గోడని యూటీఎం షీట్‌లో అతికించి, మిషన్‌లో విజయవాడ స్కేల్ పెట్టి స్టేకౌట్ చేస్తే, అంటే ఆ కోఆర్డినేట్లని నేల మీద గుర్తు పెడితే, 20.008 వస్తుంది. ఒక్క బిల్డింగుకే అయితే నా సలహా ఇది: రెండు కంట్రోల్ పాయింట్ల మధ్య దూరాన్ని మిషన్‌తో కొలిచి, లోకల్ కోఆర్డినేట్లు కట్టుకుని, స్కేల్ 1.000000 పెట్టుకుని పని చేసుకోండి.

యజమాని ఈశాన్యం ఒక అంగుళం పెంచమంటున్నారు. పెగ్గు జరిపేయనా?

జరపకండి. ఒక్క పెగ్గు జరిపితే ఆ మూల కాలమ్ ఒక్కటే కాదు, దాన్నుంచి వెళ్లే రెండు గ్రిడ్ లైన్లూ వంకర పోతాయి. మధ్యలో ఉన్న కాలమ్స్ ఏ లైన్ మీద రావాలో మేస్త్రీకి తెలియదు. ఆ అంగుళం కాంపౌండ్ గోడలో ఇస్తారా, బిల్డింగులోనే ఇస్తారా అన్నది యజమాని, ఆర్కిటెక్ట్ మాట్లాడుకోవాలి. బిల్డింగులోనే అంటే డ్రాయింగ్ మార్పించి కొత్త కోఆర్డినేట్లు తీసుకోండి. అలా మార్చాక డయాగనల్స్ సమానంగా రావు, రాకూడదు కూడా. కొత్త డయాగనల్ పొడవులు రెండూ కాగితం మీద రాయించుకోండి. లేకపోతే తర్వాత వచ్చే ఇంజినీర్ అది తప్పనుకుని సరిచేస్తాడు.

## స్టాండ్ వేసి బ్యాక్‌సైట్ చూసేటప్పుడు

ఏ పాయింట్ మీద మిషన్ పెట్టాలి? బ్యాక్‌సైట్ దేన్ని తీసుకోవాలి?

బ్యాక్‌సైట్ అంటే మిషన్‌కి దిక్కు తెలియడానికి ముందుగా గురి చూసే పాయింట్. అది మీ పని కంటే దూరంగా ఉండాలి. చూసుకోవాల్సింది ప్రధానంగా ఇదే. బ్యాక్‌సైట్ 20 మీటర్ల దూరంలో ఉండి, అక్కడ ప్రిజం 10 మిల్లీమీటర్లు పక్కకి ఉందనుకుందాం. 46 మీటర్ల దూరంలో ఉన్న మూల C దగ్గర అది 23 మిల్లీమీటర్లవుతుంది. అదే 10 మిల్లీమీటర్ల తప్పు 100 మీటర్ల బ్యాక్‌సైట్ దగ్గర జరిగితే C దగ్గర 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే CP1 మీద నిలబడితే 61 మీటర్ల CP3 కంటే 100 మీటర్ల CP2 మంచి బ్యాక్‌సైట్.

ప్రిజంని పోల్ మీద చేత్తో పట్టించకండి, ట్రైపాడ్ మీద పెట్టించండి. రెండో ట్రైపాడ్ లేకపోతే గుర్తు మీద నిలబెట్టిన మేకు మొననే నేరుగా గురి చూసి కోణం పెట్టుకోండి, దూరం తర్వాత ప్రిజంతో కొలవండి.

బ్యాక్‌సైట్ కోణం పెట్టేశాను. దూరం కూడా కొలవాలా?

తప్పకుండా. కోణం మీరు చెప్పిందే మిషన్ నమ్ముతుంది, దూరం మాత్రం అది స్వయంగా కొలుస్తుంది. CP1 నుంచి CP2కి కోఆర్డినేట్ల ప్రకారం 100.000 రావాలి. 100.030 వచ్చిందంటే ముందు ప్రిజం కాన్‌స్టాంట్, అంటే ప్రిజంని బట్టి దూరానికి చేయాల్సిన మిల్లీమీటర్ల సవరణ, ఎంత పెట్టి ఉందో చూడండి. అద్దె మిషన్లతో ఇది మామూలే: ప్రిజంకి −30 కావాలి, మిషన్‌లో 0 ఉంటుంది. సరిగ్గా 30 మిల్లీమీటర్లు, అదీ దగ్గర కొలిచినా దూరం కొలిచినా మారకుండా ఉంటే కారణం దాదాపు అదే. దూరంతో పాటు తేడా పెరుగుతుంటే స్కేల్ ఫ్యాక్టర్‌ని అనుమానించండి. ఏదో ఒక తీరులేని అంకె, 12 సెంటీమీటర్లో అరమీటరో వస్తే, పాయింట్ కదిలి ఉంటుంది లేదా మీరు నిలబడింది వేరే పాయింట్ మీద.

ప్రిజం మార్చిన ప్రతిసారీ ఈ దూరం మళ్లీ కొలవాలి. బ్యాక్‌సైట్‌కి పెద్ద ప్రిజం, పెగ్గులకి మినీ ప్రిజం వాడేవాళ్లు దీన్నే ఎక్కువ మర్చిపోతారు.

బ్యాక్‌సైట్ దూరం మిల్లీమీటర్ తేడా లేకుండా వచ్చింది. ఇంకా మూడో పాయింట్ దేనికి?

కోఆర్డినేట్లన్నీ తారుమారైనా ఆ దూరం సరిగ్గానే వస్తుంది కాబట్టి. CP1 నుంచి CP2కి E తేడా 60, N తేడా 80. ఇవి తారుమారై 80, 60 అయినా దూరం 100.000నే. కానీ పెగ్గులు బ్యాక్‌సైట్ గీతకి కుడివైపు పడాల్సినవి ఎడమవైపు పడతాయి. మూల A బ్యాక్‌సైట్ నుంచి 30°30'37" కుడికి ఉండాలి. తారుమారైతే అంతే కోణం ఎడమకి వెళ్తుంది. బిల్డింగు మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

CP3ని స్టేకౌట్‌లో పాయింట్‌గా పిలవండి. మిషన్ చూపించిన వైపు తిప్పితే క్రాస్ హెయిర్ ఆ గుర్తు మీదకే రావాలి, దూరం 61.000 రావాలి. ఖాళీ నేల వైపు చూపించిందంటే పని ఆపి ఫైల్ చూసుకోండి. దీనికి పట్టేది రెండు నిమిషాలు.

కంట్రోల్ పాయింట్ మీద ఇసుక కుప్ప పోశారు. ఎలా?

వేరే చోట మిషన్ పెట్టి, కనబడే రెండు మూడు పాయింట్లు చూసి రిసెక్షన్ చేయొచ్చు, అంటే తను నిలబడిన చోటుని మిషనే లెక్కగడుతుంది. అయితే ఆ పాయింట్లు మీ నుంచి ఒకే వైపు, దగ్గర దగ్గర కోణంలో ఉండకూడదు. రెండే పాయింట్లతో చేస్తే సరిచూసుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు కాబట్టి మూడోది ఉండేలా చూసుకోండి. నిజం చెప్పాలంటే, వీలుంటే ఇసుకే తీయించండి.

## పెగ్గులు కొట్టేటప్పుడు

స్టేకౌట్‌లో మిషన్ అసలు ఏం లెక్క వేస్తుంది?

మీరు నిలబడిన పాయింట్ నుంచి ఆ మూలకి దిక్కెంత, దూరమెంత అని. అంతే. మూల A తీసుకోండి. CP1 నుంచి E తేడా 24, N తేడా 10.

```
దూరం = √(24² + 10²) = 26.000
బేరింగ్ = tan⁻¹(24/10) = 67°22'48"
```

B కి అదే లెక్కలో దూరం 45.651, బేరింగ్ 61°11'21" వస్తాయి. సైటుకి వెళ్లే ముందు ఒక్క మూలకైనా ఇలా క్యాలిక్యులేటర్‌తో చూసుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. స్క్రీన్ మీద వేరే అంకె వస్తే తప్పు ఫైల్‌లో ఉందో, స్టేషన్ సెటప్‌లో ఉందో అక్కడే తెలిసిపోతుంది.

పని చేసే వరస ఇది. కోణం తేడా సున్నా అయ్యేదాకా మిషన్ తిప్పి, అడ్డం క్లాంప్ బిగించండి. ఇక దాన్ని ముట్టుకోకండి. ప్రిజం పట్టుకున్న మనిషిని ఆ గీత మీదకి తెప్పించి దూరం కొలవండి. మీటర్ల తేడా అయితే అడుగులతో, సెంటీమీటర్లలోకి వచ్చాక చిన్న టేపుతో జరిపించండి. పెగ్గు కొట్టాక దాని తల మీద మళ్లీ చూసి మేకు దిగ్గొట్టండి. పెగ్గు తల వెడల్పు కనీసం రెండంగుళాలుంటే మేకుని అటూ ఇటూ సర్దుకోవడానికి చోటుంటుంది.

dHD మైనస్ చూపిస్తోంది. ప్రిజం ముందుకి రావాలా, వెనక్కి వెళ్లాలా?

dHD అంటే కొలిచిన దూరానికీ కావలసిన దూరానికీ తేడా, దాని గుర్తు బ్రాండుని బట్టి మారుతుంది. కొన్నిట్లో కొలిచిన దూరంలోంచి కావలసిన దూరం తీసేస్తారు, వాటిలో మైనస్ అంటే ప్రిజం ఇంకా దూరం వెళ్లాలి. ఇంకొన్నిట్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. బాణం గుర్తు చూపించే మిషన్లలో కూడా ఆ బాణం మీ వైపు నుంచా, ప్రిజం మనిషి వైపు నుంచా అన్నది సెట్టింగ్‌లో ఉంటుంది. కొత్త మిషన్ చేతికొస్తే ప్రిజంని ఒక అడుగు వెనక్కి నడిపించి అంకె పెరిగిందో తగ్గిందో చూడండి.

మేకు కొట్టాక మళ్లీ చూస్తే సెంటీమీటరున్నర తేడా వస్తోంది. ఎందుకు?

పోల్ ఎత్తు వల్ల. పోల్ మీది గుండ్రటి బబుల్ మరీ సున్నితమైనది కాదు. అది ముప్పావు డిగ్రీ తప్పు చెప్పినా మీకు మధ్యలోనే ఉన్నట్టు కనిపించవచ్చు. ప్రిజం 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ వంపుకి మొన దగ్గర 20 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. అదే ప్రిజం నేలకి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటదు. కాబట్టి పెగ్గు చోటు వెతకడానికి పెద్ద పోల్ వాడుకోండి. మేకు కొట్టేటప్పుడు మాత్రం మినీ ప్రిజంని పొట్టి మొనతో పెగ్గు తల మీదే పెట్టించండి. గడ్డి అడ్డొస్తే గడ్డి కోయించండి, పోల్ పెంచకండి.

బబుల్ తప్పేమో చూడటానికి, పోల్‌ని అదే చోట సగం చుట్టు తిప్పండి. బబుల్ మధ్యలోంచి కదిలితే దానికి సర్దుబాటు అవసరం.

మే నెల ఎండలో దూరం తప్పు వస్తుందా?

డిగ్రీకి సుమారు ఒక పీపీఎం, అంటే దూరంలో పది లక్షల్లో ఒక వంతు. 10 డిగ్రీలు తప్పు వేసినా 50 మీటర్లకి అర మిల్లీమీటరే. ఎండ దెబ్బ తగిలేది కోణానికి: వేడి గాలికి గురి వణుకుతుంది, ఒక పక్కే ఎండ పడితే ట్రైపాడ్ కాళ్లు మెల్లగా కదులుతాయి. గొడుగు పట్టించండి, అరగంటకోసారి బ్యాక్‌సైట్ చూడండి.

## సరిచూసుకోవడం

డయాగనల్స్ రెండూ సమానంగా వచ్చాయి. ఇంకేం కావాలి?

డయాగనల్స్ చెప్పేది బిల్డింగు ఆకారం గురించి. అది ఎక్కడ కూర్చుందో అవి చెప్పలేవు. బ్యాక్‌సైట్ తప్పు పాయింట్ మీద పెడితే బిల్డింగు మొత్తం తిరిగిపోతుంది, డయాగనల్స్ మాత్రం 25.000 వస్తాయి. E, N తారుమారైనా 25.000నే.

ప్రిజం కాన్‌స్టాంట్ తప్పు ఇంకాస్త గడుసుది. మన ఉదాహరణలో −30 పెట్టాల్సిన చోట 0 ఉందనుకోండి. ప్రతి పెగ్గూ CP1 వైపు 30 మిల్లీమీటర్లు జరిగి వస్తుంది. అన్నీ ఒకే వైపు కాదు, ఒక్కోటి తన దిక్కున. లెక్క వేస్తే AC 24.992 అవుతుంది, BD 24.991 అవుతుంది. అంటే రెండూ ఒకదానితో ఒకటి మిల్లీమీటర్ తేడాలో సరిపోతాయి. టేపుతో కొలిచిన మేస్త్రీ మూలమట్టం బ్రహ్మాండంగా ఉందంటాడు. బిల్డింగు మాత్రం మూడు సెంటీమీటర్లు జరిగిపోయింది. అందుకే డయాగనల్‌ని రెండో డయాగనల్‌తో పోల్చడం చాలదు, డ్రాయింగ్ పొడవుతో పోల్చాలి. 8 మిల్లీమీటర్ల తేడాని టేపు లాగడంలో వచ్చిందిలే అని వదిలేయకూడదు.

చోటు సరైనదో కాదో తేల్చే పరీక్ష వేరే స్టేషన్ నుంచి చూడటమే. మిషన్‌ని CP3 మీదకి మార్చి, CP2 బ్యాక్‌సైట్ తీసుకుని, నాలుగు మేకుల కోఆర్డినేట్లూ కొత్తగా చదవండి. పైన చెప్పిన ప్రిజం తప్పు అప్పటికీ అలాగే ఉంటే A దగ్గర దాదాపు 59 మిల్లీమీటర్ల తేడా కనిపిస్తుంది. ఎందుకంటే A కి CP1 ఒక పక్క, CP3 దాదాపు ఎదురు పక్క ఉన్నాయి, అదే తప్పు రెండోసారి దానికి తోడై పడుతుంది. CP1 నుంచే మళ్లీ కొలిస్తే మాత్రం సున్నా తేడా వస్తుంది. పెట్టిన చోటు నుంచే సరిచూస్తే మిషన్ తన తప్పుతో తానే ఏకీభవిస్తుంది.

మిషన్‌లో డయాగనల్ 25.000, టేపుతో 25.005. ఏది నమ్మాలి?

రెండు పెగ్గుల తలలూ ఒకే మట్టంలో ఉన్నాయా? అర మీటరు ఎత్తు తేడా ఉంటే 25 మీటర్ల దగ్గర వాలు దూరం సరిగ్గా 5 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. టేపు వాలుని కొలిచింది, మిషన్ అడ్డం దూరాన్ని చూపించింది, రెండూ నిజమే. టేపుతో చూడాలంటే పల్లంలో ఉన్న పెగ్గు మీద తూకం గుండు దించి, టేపుని మట్టంగా పట్టించి కొలవండి. బట్ట టేపు అయితే ఈ చర్చే అనవసరం, అది సాగుతుంది.

ఎంత తేడా వరకు వదిలేయొచ్చు?

పెగ్గు దేనికన్నదాన్ని బట్టి. తవ్వకానికి ముగ్గు పోయడానికే అయితే రెండు సెంటీమీటర్లు కూడా పరవాలేదు, గుంతని జేసీబీ ఎలాగూ అంత కచ్చితంగా తవ్వదు. దాని కోసం మిల్లీమీటర్లు వెంటాడుతూ పొద్దు పుచ్చకండి. తవ్వాక పీసీసీ మీద కాలమ్ సెంటర్లు వేసేటప్పుడు మాత్రం పక్క పక్క గ్రిడ్ల మధ్య 3 మిల్లీమీటర్లు, మొత్తం పొడవులో 5 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. ఇవి నేను పెట్టుకునే హద్దులు. మీ కాంట్రాక్టులో వేరే అంకె రాసి ఉంటే అదే ఖాయం. సెట్‌బ్యాక్ మరీ బిగుతుగా ఉన్న స్థలంలో అయితే హద్దురాళ్లని కూడా మిషన్‌తో చదివి, గోడ బయటి అంచు నుంచి దూరం చూసుకోండి. హద్దురాళ్లు దస్తావేజు కొలతలతో సరిపోకపోవడం అరుదేమీ కాదు.

## తవ్వకం మొదలయ్యాక

జేసీబీ దిగితే మూల పెగ్గులు పోతాయి కదా?

పోతాయి. అందుకే ప్రతి గ్రిడ్ లైన్‌నీ రెండు వైపులా గుంత బయటికి పొడిగించి ఆఫ్‌సెట్ పెగ్గులు కొట్టాలి. మూల A కి 3 మీటర్ల ఆఫ్‌సెట్ అయితే, BA లైన్ పొడిగింపులో ఒకటి 1021.600, 5008.200 దగ్గర వస్తుంది. DA లైన్ పొడిగింపులో రెండోది 1025.800, 5007.600 దగ్గర వస్తుంది. ఇలా మొత్తం ఎనిమిది. ఎదురెదురు పెగ్గుల మధ్య దారం కడితే రెండు దారాలు కలిసే చోటే మూల. అక్కడి నుంచి తూకం గుండు గుంతలోకి దించుకోవచ్చు.

వీటిని కూడా టేపుతో కాకుండా స్టేకౌట్‌తోనే పెట్టండి. మట్టి పోసే వైపు ఏదో, లారీ తిరిగే దారి ఏదో ముందే అడిగి, అటువైపు ఆఫ్‌సెట్ ఇంకా పెంచండి. ఎక్కువ నెలల పని అయితే పెగ్గు చుట్టూ కాంక్రీటు పోయించి, తల మీద మేకు గుర్తు ఉంచండి.

కాలమ్స్ లేచాక CP1 నుంచి CP2 కనబడదు. అప్పుడు?

ఈ బిల్డింగులో ఆ గీత సరిగ్గా D, C మూలల మధ్య నుంచే వెళ్తుంది కాబట్టి మొదటి అంతస్తుకే మూసుకుపోతుంది. CP1 నుంచి CP3 గీత మాత్రం బిల్డింగు బయటి నుంచే వెళ్తుంది, అది మిగులుతుంది. తవ్వకానికి ముందే ఇలా ఏ గీత మూసుకుపోతుందో డ్రాయింగ్ మీద స్కేల్ పెట్టి చూసుకుని, దూరంగా ఉన్న పక్కింటి పిట్టగోడ మీదో వాటర్ ట్యాంకు మీదో రిఫ్లెక్టర్ స్టిక్కర్లు రెండు మూడు అంటించి, కోఆర్డినేట్లు చదివి పెట్టుకోండి. అంటించే ముందు ఆ ఇంటివాళ్లని అడగండి. అడగకపోతే సున్నం వేసే రోజున చెప్పకుండా పీకేస్తారు.